ప్రిన్సెస్ కట్ బ్లౌజ్ ముందు బిగుతైపోతోందా?

నా మొదటి ప్రిన్సెస్ కట్ జాకెట్టుకు హుక్కులే పట్టలేదు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొరపాటు కత్తిరించే దగ్గర జరిగింది.

ఛాతీ 36, నడుము 30 అనుకోండి. రెండింటికీ అంగుళం లూజు కలిపి నాలుగో వంతు తీస్తే ముందు భాగం ఛాతీ దగ్గర 9¼, నడుము దగ్గర 7¾ వస్తుంది. తేడా ఒకటిన్నర అంగుళాలు, అదే డాట్. భుజం నుంచి అపెక్స్ పాయింట్ వరకు, రెండు పాయింట్ల మధ్య దూరం టేపుతోనే కొలవండి, అందాజుగా వద్దు. మధ్య దూరం 7½ అయితే హుక్కుల లైన్ నుంచి 3¾ దగ్గర పాయింట్ పెట్టాలి. దాని కిందుగా నడుము మీద అటు ముప్పావు, ఇటు ముప్పావు గుర్తించి, పైన చంక గుండ్రం మధ్య నుంచి పాయింట్ మీదుగా వంపు గీసి కలపండి.

ఆ గీత మీద పేపరు కత్తిరించాక, దాన్ని అలాగే గుడ్డ మీద పెట్టి కోయడమే నేను చేసిన తప్పు. కోసిన రెండు అంచులకూ అర అంగుళం చొప్పున కుట్టుకు వదలాలి. లేదంటే ఒక్కో వైపు అంగుళం, మొత్తం రెండు అంగుళాలు కుట్టులోకి పోతాయి.

కోసే ముందే రెండు ముక్కల మీదా అపెక్స్ దగ్గర గుర్తు పెట్టుకోండి. కుట్టేటప్పుడు అక్కడ పిన్ను పెట్టి, పైకీ కిందికీ కుట్టుకుంటూ వెళ్తే వంపు జారదు. చంక దగ్గర పావు అంగుళం ఎక్కువైతే కత్తిరించేయొచ్చు.