బ్యూరెట్‌లో సగం కూడా దిగకముందే రంగు మారిందా? తప్పు సూచికది కావచ్చు

సమస్య: 25 మి.లీ. ఎసిటిక్ ఆమ్లాన్ని పిపెట్‌తో తీసుకుని, సుమారు 0.1 మోలార్ ఉంటుందని తెలిసి, 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం మొదలుపెట్టారు. మిథైల్ ఆరెంజ్ వేశారు. మొదటి అర మి.లీ. నుంచే ఎరుపు పలచబడసాగింది. తర్వాత నారింజ, ఇంకా నారింజ, 7 మి.లీ. దాటాక పసుపు. ఏ చుక్క దగ్గర ఆపాలో తెలియలేదు. 7.6 దగ్గర ఆపి లెక్క వేస్తే ఆమ్లం గాఢత 0.03 మోలార్ వచ్చింది. మూడుసార్లు చేస్తే మూడు రీడింగులు.

ఈ స్థితిలో చాలామంది ముందుగా బ్యూరెట్‌నీ, ద్రావణం తయారుచేసిన వాళ్లనీ అనుమానిస్తారు. రంగు మారిన తీరే అసలు సాక్ష్యం. సరైన సూచిక ఒకటి రెండు చుక్కల్లో రంగు మారుస్తుంది. మి.లీ.ల కొద్దీ నెమ్మదిగా మారుతోందంటే, అది మారే pH అవధి, ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయే తుల్యతా స్థానానికి దూరంగా ఉందన్నమాట.

కారణం: మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 మధ్య ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. ఎసిటిక్ ఆమ్లపు pKa 4.76. ఆమ్లంలో సగం తటస్థమయ్యేసరికి, అంటే 12.5 మి.లీ. క్షారం పడేసరికి, ద్రావణం pH సరిగ్గా ఆ విలువ దగ్గర ఉంటుంది. దాని చుట్టుపక్కల ద్రావణం బఫర్‌లా పనిచేస్తుంది కాబట్టి ఎంత క్షారం పోసినా pH మెల్లగానే కదులుతుంది. మిథైల్ ఆరెంజ్ అవధి మొత్తం ఈ మందకొడి ప్రాంతంలోనే పడింది. pH 4.4కు చేరినప్పుడు తటస్థమైన ఆమ్లం 30 శాతమే. పైన 7.6 మి.లీ. వచ్చింది అందుకే.

అదే మిథైల్ ఆరెంజ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి చక్కగా పనిచేస్తుంది. అక్కడ 25 మి.లీ.కి ఒక చుక్క ముందు, అంటే 24.95 దగ్గర, pH సుమారు 4. ఒక చుక్క తర్వాత సుమారు 10. ఆ నిలువు దూకుడులో మిథైల్ ఆరెంజ్ చివరి అంచు కూడా ఇముడుతుంది. నిన్న బాగా పనిచేసిన సీసానే ఈ రోజూ తీయడంతో పొరపాటు మొదలవుతుంది.

పరిష్కారం: సూచికను తీసే ముందు తుల్యతా స్థానం pH లెక్కకట్టండి. ఆ క్షణంలో ఫ్లాస్క్‌లో మిగిలేది సోడియం ఎసిటేట్. ఘనపరిమాణం రెట్టింపైంది కాబట్టి దాని గాఢత C 0.05 మోలార్. ఎసిటేట్ అయాను నీటితో చర్య జరిపి కొంచెం హైడ్రాక్సైడ్‌ను విడుదల చేస్తుంది, అందుకే pH 7 దగ్గర ఆగదు.

```
pH = 7 + ½ (pKa + log C)
   = 7 + ½ (4.76 − 1.30)
   = 8.73
```

ఇప్పుడు క్షారం పడేకొద్దీ pH ఎలా మారుతుందో చూపే వక్రరేఖలో నిలువు భాగం ఎంత పొడవుందో చూడాలి. 24.95 మి.లీ. దగ్గర pH సుమారు 7.5, 25.05 దగ్గర సుమారు 10. ఫినాఫ్తలీన్ సుమారు 8.3 నుంచి 10 వరకు రంగులేని స్థితి నుంచి గులాబీకి మారుతుంది. మొదటి లేత గులాబీ కనిపించే చోటు నిలువు భాగంలోనే ఉంది. మిథైల్ రెడ్ (4.4 – 6.2) పూర్తిగా పసుపయ్యేది 24.1 మి.లీ. దగ్గర, దాదాపు 0.9 మి.లీ. ముందే ఆపేస్తారు. చూడటానికి మిథైల్ ఆరెంజ్ అంత ఘోరంగా ఉండదు కాబట్టి నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం.

పాత ఫ్లాస్క్‌లోనే ఫినాఫ్తలీన్ కలిపి గట్టెక్కాలని చూడకండి. పసుపు మీద గులాబీ పడితే నారింజే కనిపిస్తుంది. కొత్తగా 25 మి.లీ. తీసుకుని రెండు మూడు చుక్కలే వేయండి. సూచిక కూడా బలహీన ఆమ్లమే, ఎక్కువైతే క్షారాన్ని అదీ తాగుతుంది.

సమస్య: అమోనియాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేస్తుంటే ఫినాఫ్తలీన్ గులాబీ చాలా ముందే వెలిసిపోతోంది.

కారణం, పరిష్కారం: ఇది మొదటి దానికి అద్దంలో బొమ్మ. అవే గాఢతలకు తుల్యతా స్థానం pH 5.3. గులాబీ పూర్తిగా పోయేసరికి పడిన ఆమ్లం 22.5 మి.లీ. మాత్రమే. ఇక్కడ మిథైల్ రెడ్ సరిగ్గా సరిపోతుంది.

సమస్య: ఎసిటిక్ ఆమ్లాన్ని అమోనియాతో చేస్తే ఏ సూచికా పదునుగా మారడం లేదు.

కారణం, పరిష్కారం: రెండూ బలహీనమైనప్పుడు వక్రరేఖలో నిలువు భాగమే ఉండదు. సూచికలు మార్చి లాభం లేదు. అమోనియాకు బదులు బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ నింపండి.

సమస్య: ఫినాఫ్తలీన్ గులాబీ వచ్చి, అర నిమిషం దాటాక పోతోంది.

కారణం, పరిష్కారం: ఇది సూచిక ఎంపికలో తప్పు కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి pHను కిందికి లాగుతోంది. ఫ్లాస్క్‌ను తిప్పుతుండగా గులాబీ అర నిమిషం నిలిస్తే అదే రీడింగు. మళ్లీ చుక్క వేయకండి.