సీసాల్లో ఎంత తేడా? – గణాంక పాఠాలు, 9వ భాగం: కై-స్క్వేర్‌తో ప్రామాణిక విచలనానికి హద్దులు

గత భాగంలో సగటుకు విశ్వాస అంతరం కట్టాం. నీళ్ల సీసాలు నింపే మెషీన్ దగ్గర అది సగం కథే. సగటు సరిగ్గా 500 మిల్లీలీటర్లు ఉన్నా, ఒక సీసాలో 480, మరో సీసాలో 520 పడుతుంటే ఆ మెషీన్ ఎందుకూ పనికిరాదు. కాబట్టి ఈసారి మన ప్రశ్న సీసాకూ సీసాకూ మధ్య తేడా గురించి. పది సీసాలు కొలిచి, ఆ మెషీన్ అసలు ప్రామాణిక విచలనం ఎంత ఉండవచ్చో చెప్పగలమా?

మనకు అందింది రిజిస్టర్ పేజీని ఫోనుతో తీసిన ఫోటో. పది సీసాలను ఖాళీగా ఒకసారి, నింపాక ఒకసారి తూచి, బరువును ఘనపరిమాణంలోకి మార్చి, మిల్లీలీటర్లలో చేత్తో రాశారు. తూచడం మంచి పద్ధతి. 500 మి.లీ. కొలజాడీ మీద గీతలు సాధారణంగా 5 మి.లీ.కి ఒకటి చొప్పున ఉంటాయి. గీతల మధ్య కంటితో అంచనా వేస్తే, మన తడబాటు కూడా మెషీన్ తేడాగానే లెక్కలోకి వచ్చేస్తుంది.

పేజీలో ఉన్న అంకెలు ఇవి: 501, 498, 503, 500, 497, 502, 499, 504, 500, 496.

మొదటి అంకె దగ్గరే చిక్కు ఉంది. ఫోటోలో పేజీ మూల మీద నీడ పడింది, రాసినవారి ఒకటికి తల మీద చిన్న గీత ఉంది. అది 501 కావచ్చు, 507 కావచ్చు. కళ్లు చికిలించి నిర్ణయించడం కంటే పేజీని అడగడం మేలు. అడుగున మొత్తం 5000 అని రాసి ఉంది. మిగతా తొమ్మిదీ కలిపితే 4499 వస్తుంది కాబట్టి మొదటిది 501. మొత్తం రాసి లేకపోతే అదే చేతిరాతలో స్పష్టంగా ఉన్న మరో ఒకటినీ, మరో ఏడునూ వెతికి పోల్చాలి. అదీ కుదరకపోతే రెండు రకాలుగానూ లెక్క కట్టి చూడాలి. ఆ తేడా ఎంతో చివర్లో చూద్దాం.

ఇక లెక్క. సగటు 500. ఒక్కో సీసా సగటు నుంచి ఎంత దూరంలో ఉందో రాస్తే 1, −2, 3, 0, −3, 2, −1, 4, 0, −4. వీటిని కలిపితే సున్నా రావాలి, వచ్చింది. వర్గాలు 1, 4, 9, 0, 9, 4, 1, 16, 0, 16, మొత్తం 60. ఈ 60ని గుర్తుంచుకోండి, మిగతా పనంతా దానితోనే. 60ని 9తో భాగిస్తే విస్తృతి 6.67, దాని వర్గమూలం 2.58 మి.లీ. ఇది ఈ పది సీసాల ప్రామాణిక విచలనం. మెషీన్ అసలు విచలనం ఇదే అనుకోవడానికి లేదు. రేపు మరో పది సీసాలు తీస్తే మరో అంకె వస్తుంది.

ఆ అంకె ఎంత ఊగుతుందో చెప్పేదే కై-స్క్వేర్. సీసాల పరిమాణాలు నార్మల్ విభాజనాన్ని పాటిస్తే, మన 60 లాంటి వర్గాల మొత్తాన్ని మెషీన్ అసలు విస్తృతితో భాగించగా వచ్చే సంఖ్య కై-స్క్వేర్ విభాజనాన్ని అనుసరిస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మెర్ట్ దీన్ని 1870లలోనే రాబట్టాడు. పట్టికలో df, అంటే స్వేచ్ఛగా మారగల తేడాల సంఖ్య, అనే వరుసలో 9 చూడాలి. సీసాలు పదే అయినా, తేడాలన్నీ కలిసి సున్నా కావాలి కనుక తొమ్మిది తేడాలు తెలిస్తే పదోది దానంతటదే తేలిపోతుంది.

95 శాతం అంతరం కావాలంటే రెండు కొసల్లోనూ 2.5 శాతం చొప్పున వదలాలి. df 9 దగ్గర ఆ రెండు విలువలు 2.700, 19.023. మధ్యలో ఉండే 95 శాతం ఈ రెంటి నడుమ ఉంటుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు: పెద్ద విలువతో భాగిస్తే కింది హద్దు, చిన్న విలువతో భాగిస్తే పై హద్దు వస్తాయి. 60ని 19.023తో భాగిస్తే 3.154, వర్గమూలం 1.78. 60ని 2.700తో భాగిస్తే 22.22, వర్గమూలం 4.71. వర్గమూలం తీయడం మరిస్తే చేతిలో ఉన్నది విస్తృతి హద్దులు, వాటి ప్రమాణం మి.లీ. కాదు.

స్ప్రెడ్‌షీట్‌లో అంకెలు A1 నుంచి A10 వరకు ఉంటే రెండు వరుసలు చాలు:

```
=SQRT(DEVSQ(A1:A10)/CHISQ.INV.RT(0.025,9))
=SQRT(DEVSQ(A1:A10)/CHISQ.INV(0.025,9))
```

మొదటిది కింది హద్దు, రెండోది పై హద్దు.

అంటే మెషీన్ అసలు విచలనం 1.78 నుంచి 4.71 మి.లీ. మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 2.58 ఈ అంతరం నడిమధ్యన లేదు. కిందికి 0.8, పైకి 2.1 దూరం ఉంది. అందుకే సగటుకు రాసినట్టు దీన్ని ప్లస్ ఆర్ మైనస్‌తో రాయకూడదు, రెండు హద్దులూ విడిగా రాయాలి. 95 శాతం అన్నది పద్ధతికి సంబంధించిన మాట: ఇలా మళ్లీ మళ్లీ నమూనాలు తీసి అంతరాలు కడితే, నూటికి 95 అంతరాల్లో అసలు విలువ చిక్కుతుంది.

ప్లాంటువారికి నిజంగా కావలసింది పై హద్దు. ఏ సీసాలోనూ 490 కంటే తగ్గకుండా చూసుకోవాలని వారి నియమం అనుకుందాం. 2.58ని నమ్మి మెషీన్‌ను 495కు సెట్ చేస్తే, 490 కంటే తక్కువ పడే సీసాలు వందకు మూడు లోపే అనిపిస్తుంది. అసలు విచలనం 4.71 అయితే అదే సెట్టింగు మీద వందకు పద్నాలుగు తగ్గుతాయి. పది సీసాలు ఈ రెంటిలో ఏది నిజమో చెప్పలేవు. ముప్పై సీసాలు కొలిచి అదే 2.58 వచ్చి ఉంటే, అంతరం 2.06 నుంచి 3.47కి కుదించుకుపోయేది.

ఇప్పుడు ఆ నీడ పడ్డ అంకెకు వద్దాం. దాన్ని 507గా చదివి ఉంటే సగటు 500.6కి మాత్రమే కదిలేది, ఎవరికీ అనుమానం రాదు. వర్గాల మొత్తం మాత్రం 60 నుంచి 104.4కు పెరిగి, అంతరం 2.34 నుంచి 6.22 అయ్యేది. వర్గం చేయడంతో దూరంగా ఉన్న ఒక్క అంకే మొత్తాన్ని మోస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న అసలు బలహీనత కూడా ఇదే. సగటు అంతరం నార్మల్ కాని డేటాను కొంతవరకు ఓర్చుకుంటుంది, సీసాలు పెరిగేకొద్దీ ఇంకా ఓర్చుకుంటుంది. విచలనం అంతరం ఓర్చుకోదు. అప్పుడప్పుడూ బాగా దూరంగా పడే సీసాలుండే మెషీన్‌లో, 95 అని చెప్పుకున్నది నిజానికి చాలా తక్కువే ఉంటుంది, ఎన్ని సీసాలు కొలిచినా బాగుపడదు. కాబట్టి పది అంకెలనూ ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడండి. మన చుక్కలు 496 నుంచి 504 దాకా పరుచుకుని ఉన్నాయి, విడిగా తెగిపడ్డది లేదు. పది చుక్కలతో నార్మల్ అని రుజువు కాదు, పెద్ద తప్పు ఉంటే మాత్రం కనిపిస్తుంది.

రెండోది, సీసాలు ఎక్కడి నుంచి తీశారన్నది. పది సీసాలూ ఒకే నాజిల్ నుంచి వరుసగా తీస్తే ఆ నాజిల్ ఆ క్షణంలో ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. గంట గంటకూ వచ్చే మార్పు, నాజిళ్ల మధ్య తేడా అందులో ఉండవు. అంతరం ఇరుకుగా, అందంగా కనిపిస్తుంది, మెషీన్ మొత్తానికి అది వర్తించదు. రిజిస్టర్‌లో సమయం, నాజిల్ నంబరు రాసిన గడి ఉందేమో ఫోటోలో చూడాలి. మన పేజీలో లేదు. అందుకే ఈ 1.78–4.71ని షిఫ్ట్ మొత్తానికి చెప్పను.

అభ్యాసం: రెండో మెషీన్ నుంచి ఎనిమిది సీసాలు: 499, 501, 500, 502, 498, 501, 500, 499. df 7 దగ్గర విలువలు 1.690, 16.013. వర్గాల మొత్తం 12, అంతరం 0.87 నుంచి 2.66 రావాలి. మొదటి మెషీన్ అంతరంతో ఇది కొంత కలుస్తోంది. అంతరాలు కలిశాయని రెండు మెషీన్లూ ఒకటే అనడానికి లేదు. రెండు విచలనాలను నేరుగా పోల్చే F పరీక్ష 10వ భాగంలో చేద్దాం, ఈ రెండు వరుసల అంకెలతోనే.