సర్వే నుంచి ఇంటర్వ్యూలకు మారతానంటే గైడ్ ఒప్పుకోవడం లేదా? లోపం ఉత్తరంలోనే ఉండొచ్చు

ఎం.ఏ. చివరి సెమిస్టర్‌లో నా డిసర్టేషన్ కౌలు రైతుల పంట రుణాల మీద. గుంటూరు జిల్లాలోని ఒక ఊళ్లో 120 మందిని సర్వే చేస్తానని సినాప్సిస్‌లో రాశాను. 30 ఫారాలు నిండేసరికే ఇది నడవదని తెలిసిపోయింది. ఇంటర్వ్యూలకు మారతానని గైడ్ మేడమ్‌కు ఉత్తరం రాస్తే రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి సంతకం పెట్టారు.

సమస్య: "ముందు సర్వే పూర్తి చెయ్యి" అని జవాబొచ్చింది

కారణం: నేను రాసింది ఇదీ: "రైతులు సహకరించడం లేదు, టైమ్ తక్కువగా ఉంది, కాబట్టి ఇంటర్వ్యూలు చేస్తాను." గైడ్ చదివితే ఇది ఎండకు భయపడి తప్పించుకునే మాటలా ఉంటుంది. నిజానికి మా రైతులు బాగానే సహకరించారు. అడిగినవన్నీ నింపారు. నిండినదాంట్లో నిజం లేదు, అంతే.

పరిష్కారం: కష్టం గురించి కాకుండా, ఫారాల్లో ఏం వచ్చిందో రాయండి. నా 30 మందిలో 26 మంది "సొంత పొలం" దగ్గర టిక్ పెట్టారు. అందులో ఒకాయన పెన్ను తిరిగిస్తూనే, "ఈసారి కౌలు ఎకరాకు రెండు వేలు పెంచాడమ్మా, మిర్చి రేటు చూస్తే ఇట్లా ఏడ్చింది" అన్నాడు. ఆ మాట, ఆ టిక్ రెండూ పక్కపక్కన పెట్టి ఉత్తరంలో రాశాను. ఎందుకలా అన్నదీ చెప్పాలి. అక్కడ కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది. కౌలు రైతు పంట రుణం అడగడానికి పనికొచ్చేది, 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం. దానికి యజమాని సంతకం కావాలి. కాగితం పుడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమానికి అనుమానం. అది తెలిసిన రైతు ఏ కాగితం మీదా "కౌలు" అని పెట్టడు.

సమస్య: "ఫారంలో చెప్పనివాళ్లు ఇంటర్వ్యూలో ఎందుకు చెబుతారు?"

రెండో ఉత్తరం ఇక్కడ ఆగిపోయింది. న్యాయమైన ప్రశ్నే. నా ఫారంలో పేరుకు, పొలం సర్వే నంబరుకు గళ్లున్నాయి. పైగా వాటిని నింపించింది నలుగురు కూర్చునే అరుగు మీద. తప్పు ఫారానిదైతే ఫారమే మార్చుకోవాలి, పద్ధతి మార్చక్కర్లేదు.

పరిష్కారం: ఏది తప్పో చిన్న పరీక్ష చేసి తేల్చండి. పేరు, నంబరు తీసేసి ఇంకో 10 మంది చేత వాళ్ల ఇళ్ల దగ్గర నింపించాను. ఈసారి ఏడుగురు కౌలు అన్నారు. అక్కడితో అయిపోతే సర్వేనే సరిదిద్దుకునేదాన్ని. కానీ ఆ ఏడుగురిలో ఐదుగురు గడి పక్కన ఏదో ఒకటి రాశారు. "ఎకరం నాది, రెండు కౌలు, లోను మాత్రం ఆసామి పేరు మీద." దీన్ని ఏ గడిలో పెడతాం? భయం ఫారం మారిస్తే తగ్గింది, ఈ మెలిక తగ్గలేదు. ఇంటర్వ్యూ అవసరం ఇక్కడుందని మేడమ్ ఒప్పుకున్నది దీనితోనే. మీ పరీక్షలో ఇలాంటిదేమీ బయటపడకపోతే ఉత్తరం రాయకండి, ప్రశ్నావళి దిద్దుకోండి.

సమస్య: "సరే, కానీ నీ ప్రశ్న ఏమిటి?"

కారణం: పద్ధతి మార్చి పరిశోధన ప్రశ్నను పాతదే ఉంచడం. "ఎంతమందికి బ్యాంకు రుణం అందింది" అన్నదానికి 15 ఇంటర్వ్యూలు జవాబు చెప్పలేవు. ఆ శాతాన్ని వదులుకుంటున్నానని ఉత్తరంలో ఒప్పుకోవాలి. మూడో ఉత్తరంలో ఈ పేరా పెట్టాను:

> మేడమ్ గారికి నమస్కారం. ఎంతమందికి రుణం అందింది అనే ప్రశ్నను వదిలి, యజమానిని సంతకం అడగాలా వద్దా అన్నది కౌలు రైతు ఎలా తేల్చుకుంటాడో తెలుసుకోవాలనుకుంటున్నాను. 12 మంది కౌలు రైతులతో, ముగ్గురు యజమానులతో విడివిడిగా, ఒక్కొక్కరితో 45 నిమిషాలు మాట్లాడతాను. ఈ ఫలితాలు జిల్లా మొత్తానికి వర్తిస్తాయని చెప్పను. నిండిన 40 ఫారాలను పద్ధతి ఎందుకు మారిందో చెప్పే అధ్యాయంలో వాడతాను.

సమస్య: "టైమ్ సరిపోదు"

లెక్క చూపించండి. 15 మందితో 45 నిమిషాలంటే పదకొండు గంటల పైచిలుకు ఆడియో. గంట ఆడియోను తెలుగులో టైపు చేయడానికి ఆరు గంటలు వేసుకున్నాను. రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే టైపింగే 17 రోజులు. ఇంటర్వ్యూలు తేలిక అనుకుని మారేవాళ్లు ఈ లెక్క వేయరు, గైడ్‌లు వేస్తారు.

ఇంకొకటి. ఫారానికి తీసుకున్న అనుమతి గొంతు రికార్డు చేయడానికి చెల్లదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎథిక్స్ కమిటీ ఉంటే మార్పు దరఖాస్తును, కొత్త సమ్మతి పత్రాన్ని ఉత్తరానికే జతచేయండి. రికార్డింగ్ వద్దన్న రైతు దగ్గర నోట్సు మాత్రమే రాసుకుంటానని అందులో ఒక వాక్యం ఉండాలి. నా 12 మందిలో నలుగురు వద్దన్నారు.