ఎంసెట్‌లో ఎన్ని మార్కులు రావచ్చు? గ్రాండ్ టెస్టుల నుంచి అంచనా వేయడం ఎలా

ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సార్, మావాడికి ఎంత వస్తుందంటారు?" చాలా ఇళ్లలో దీనికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. గ్రాండ్ టెస్టుల్లో వచ్చిన అతి పెద్ద మార్కు తీసుకుని, దానికి ఇంకో పది కలిపి, అదే లక్ష్యం అనుకుంటారు. ఆ లెక్కన ఆశ పెట్టుకుని, ఫలితాల రోజున పిల్లవాణ్ణి తిట్టిన ఇళ్లు నేను చూశాను. పిల్లవాడు తన స్థాయికి తగ్గట్టే రాశాడు, తప్పు అంచనాలో ఉంది. అందుకే నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఇంజినీరింగ్ ఎప్‌సెట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. మనందరికీ ఇప్పటికీ అది ఎంసెటే. 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు జవాబుకు మార్కులు పోవు. ఈ చివరి సంగతి తర్వాత చాలా పనికొస్తుంది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పిల్లవాడు రాసిన టెస్టులన్నిటి మార్కులు, అవి రాసిన తేదీలు. అంతే. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మార్కులు చెప్తే ర్యాంకు చెప్పేసే పట్టికల జోలికి ఈ దశలో వెళ్లకండి. ర్యాంకు మిగతావాళ్లు ఎలా రాశారన్నదాని మీద ఆధారపడుతుంది. మన చేతిలో ఉన్న లెక్క మార్కులదే. రెండు అంచనాలను ఒకదాని మీద ఒకటి పేర్చితే పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా తెలియదు.

మొదటి అడుగు: అన్నీ రాయండి

తేదీల వరుసలో ప్రతి టెస్టూ ఒక్కో వరుసలో రాయండి. పక్కన మూడు విషయాలు: పూర్తి సిలబస్సా కాదా, మూడు గంటలు ఆపకుండా రాశాడా, ఎన్ని ప్రశ్నలు ఖాళీగా వదిలాడు.

రెండో అడుగు: ఏవి లెక్కలోకి వస్తాయో తేల్చడం

అంచనాలు చెడేది ఇక్కడే. కూడికలూ భాగహారాలూ ఎవరైనా చేస్తారు. ఏ టెస్టును ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్నచోట మన ప్రేమ అడ్డొస్తుంది.

ఆమధ్య ఒక తండ్రి కొడుకుతో పాటు 14 టెస్టుల కాగితాలు పట్టుకుని వచ్చారు. అబ్బాయి లక్ష్యం 105. "112 కూడా వచ్చింది కదండీ, 105 ఎందుకు రాదు?" అన్నారు. ఆ 112 ఎక్కడిదని చూస్తే, కీ చెప్పిన వారం తర్వాత అదే పేపర్ మళ్లీ రాయించిన టెస్టు. అది జ్ఞాపకశక్తికి పరీక్ష, సబ్జెక్టుకు కాదు. కొట్టేశాం. ఇంకో మూడు ఫస్టియర్ సిలబస్ మాత్రమే ఉన్న టెస్టులు, అవీ పోయాయి. రెండు ఇంట్లో మధ్యలో భోజనానికి లేచి రాసినవి, వాటినీ తీసేశాం. మిగిలినవి ఎనిమిది:

81, 92, 78, 89, 95, 84, 97, 88

అప్పుడు ఆ తండ్రి, "78 రోజు జ్వరం సార్, అది కూడా తీసేయండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారణం నిజమే కావచ్చు. కానీ 97 వచ్చిన రోజు ఎందుకు బాగా రాశాడని ఎవరూ అడగరు. ఆ రోజు బాగా నిద్రపోయాడేమో, పేపర్లో తనకు వచ్చిన చాప్టర్లే ఎక్కువ పడ్డాయేమో. తక్కువ వచ్చిన రోజులకే సాకు వెతికితే మిగిలేది పిల్లవాడి స్థాయి కాదు, అదృష్టం కలిసొచ్చిన రోజుల జాబితా. ఎనిమిదింటి సగటు 88. జ్వరమని 78నీ, కరెంటు పోయిందని 81నీ తీసేస్తే సగటు దాదాపు 91 అవుతుంది. పిల్లవాడు ఒక్క లెక్క కూడా కొత్తగా నేర్చుకోకుండానే మూడు మార్కులు పెరిగిపోయాయి!

కాబట్టి నియమం ఇది. టెస్టును కొట్టేసే కారణం మార్కులు చూడకముందే చెప్పగలిగేదై ఉండాలి. "ఫస్టియర్ సిలబస్సే", "తెలిసిన పేపర్", "మధ్యలో లేచాడు", ఇవి చెల్లుతాయి. మార్కు చూశాక గుర్తొచ్చిన కారణం ఏదీ చెల్లదు. నేనైతే మార్కుల గడి మీద కాగితం కప్పి, మిగతా వివరాలు మాత్రమే చూసి తేలుస్తాను. మీరూ అలాగే చేయండి. అనుమానం వస్తే టెస్టును ఉంచేయండి. పరీక్ష రోజున కూడా జ్వరం రావచ్చు.

మిగిలిన టెస్టులు ఆరుకు తగ్గితే అంచనా ఆపేసి, ముందు ఇంకొన్ని రాయించండి. పాత సంవత్సరాల అసలు పేపర్లు దొరుకుతాయి. వాటిని కంప్యూటర్ మీద, మూడు గంటలు గడియారం పెట్టి రాయించాలి. సంస్థలు తయారుచేసే పేపర్లకన్నా ఇవే మేలు.

మూడో అడుగు: ఖాళీల సవరణ

ఆ అబ్బాయి ప్రతి టెస్టులోనూ సుమారు 12 ప్రశ్నలు ఖాళీగా వదిలాడు. జేఈఈకి చదివే పిల్లల్లో ఈ అలవాటు ఉంటుంది, అక్కడ తప్పుకు మార్కు పోతుంది కాబట్టి. ఎంసెట్‌లో పోదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టినా సగటున నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే 12 ఖాళీలకు 3 మార్కులు. ప్రతి మార్కుకూ 3 కలపండి:

84, 95, 81, 92, 98, 87, 100, 91

అన్నీ పెట్టేసి వచ్చే పిల్లలకు ఈ అడుగు అక్కర్లేదు, వాళ్ల మార్కుల్లో ఆ భాగం ముందే ఉంది.

నాలుగో అడుగు: రేంజి చదవడం

ఎనిమిదింటిలో కనిష్ఠం 81, గరిష్ఠం 100. అదే మీ రేంజి. ఇంత తేలిగ్గానా అని చాలామంది నమ్మరు. లెక్కల మాస్టారుగా చెప్తున్నాను, ఇందులో మంచి లెక్క ఉంది.

రాసిన టెస్టులు ఎనిమిది, రాయబోయే పరీక్ష ఒకటి, మొత్తం తొమ్మిది. తొమ్మిదీ ఒకే తరహావి అయితే, వాటిలో అన్నిటికన్నా పెద్ద మార్కు ఏ ఒక్కదానికైనా వచ్చే అవకాశం సమానం. కాబట్టి అసలు పరీక్షలో 100 దాటే అవకాశం తొమ్మిదింట ఒకటి. 81 కన్నా తగ్గే అవకాశమూ తొమ్మిదింట ఒకటే. మధ్యలో పడే అవకాశం తొమ్మిదింట ఏడు, అంటే సుమారు 78 శాతం. సగటు చుట్టూ వేసే స్టాండర్డ్ డీవియేషన్ లెక్క కూడా చేసి చూశాను. దాదాపు ఇదే రేంజి వచ్చింది. అలాంటప్పుడు ఆ సూత్రాలతో తల్లిదండ్రులను ఎందుకు బెదరగొట్టాలి?

టెస్టుల సంఖ్య తగ్గితే ఈ నమ్మకం కూడా తగ్గుతుంది. నాలుగే ఉంటే మధ్యలో పడే అవకాశం ఐదింట మూడే. ఈ అబ్బాయి మార్కుల్లోనే చూడవచ్చు. సవరణ తర్వాతి మొదటి నాలుగు టెస్టులు 81 నుంచి 95 దాకా ఉన్నాయి. తర్వాతి నాలుగింటిలో 98, 100 ఆ రేంజి బయట పడ్డాయి. నాలుగు టెస్టులు చూసి జోస్యం చెప్పేవాళ్లను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

"చివరి టెస్టుల్లో పెరుగుతున్నాడు కదా" అని అడుగుతారు. మొదటి నాలుగింటి సగటు 88, తర్వాతి నాలుగింటిది 94. పెరిగినట్టే ఉంది. కానీ తర్వాతి నాలుగులో 87, 91 ఉన్నాయి, మొదటి నాలుగులో 92, 95 ఉన్నాయి. రెండు గుంపులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అలా ఉన్నంతవరకు రేంజిని కదపకండి. తర్వాతి నాలుగులో అతి తక్కువ మార్కు, మొదటి నాలుగులో అతి ఎక్కువ మార్కును దాటితే అది నిజమైన పెరుగుదల. స్థాయి మారకుండా ఊరికే అలా జరిగే అవకాశం 70లో ఒకటే. అప్పుడు పాత నాలుగునూ పక్కన పెట్టి, ఇంకొన్ని టెస్టులు రాయించి, కొత్త రేంజి వేయండి.

ఇంకో మాట. ఎంసెట్ పలు సెషన్లలో జరుగుతుంది కాబట్టి మార్కులను నార్మలైజ్ చేస్తారు. మన రేంజి నార్మలైజ్ చేయకముందు మార్కులకే వర్తిస్తుంది. ఫలితంలో కొంత తేడా కనిపిస్తే కంగారు పడకండి.

ఐదో అడుగు: లక్ష్యాన్ని రేంజి పక్కన పెట్టడం

లక్ష్యం 105. ఎనిమిదింటిలో ఒక్కటీ అక్కడికి చేరలేదు. 100 దాటే అవకాశమే తొమ్మిదింట ఒకటి. 105 అంతకన్నా తక్కువ. 95 అయితే ఎనిమిదింటిలో మూడుసార్లు వచ్చింది, అవకాశం సుమారు మూడింట ఒకటి. తప్పకుండా ఫలానా సీటు కావాలని లెక్క వేసుకునేవాళ్లు మాత్రం పై కొసను కాదు, కింది కొస 81ని చూసుకోవాలి.

ఇక 105 అందాలంటే ఎంత చదవాలి? సవరించిన సగటు 91. 105 సగానికి సగం అవకాశం ఉన్న లక్ష్యం కావాలంటే సగటే 105 కావాలి, అంటే 14 మార్కులు పెరగాలి. 14 ప్రశ్నలు కొత్తగా నేర్చుకుంటే చాలనుకుంటారు, చాలదు. ఇప్పుడు రాని ప్రశ్నకు గుడ్డిగా పెట్టినా పావు మార్కు సగటున వస్తూనే ఉంది. దాన్ని నేర్చుకుంటే అదనంగా వచ్చేది ముప్పావు మార్కే. 14ని ముప్పావుతో భాగించండి: దాదాపు 19 ప్రశ్నలు.

ఆ అబ్బాయిని కూర్చోబెట్టి, ఎనిమిది పేపర్లలోనూ అతను తెలియక వదిలినవీ, గుడ్డిగా పెట్టినవీ చాప్టర్ల వారీగా లెక్కపెట్టించాను. కెమిస్ట్రీలో ఆర్గానిక్, ఇనార్గానిక్ కలిపి పేపర్‌కు సగటున తొమ్మిది తేలాయి. మ్యాథ్స్‌లో ఇంటిగ్రేషన్, వెక్టర్లు కలిపి ఐదు. పరీక్షకు ఐదు వారాలుంది. "సార్, ఈ పద్నాలుగూ పట్టుకుంటాను" అన్నాడు. పద్నాలుగూ పూర్తిగా వచ్చేస్తే పదిన్నర మార్కులు, సగటు 101 దాకా వెళ్తుంది. 105కి అప్పటికీ చేరదు. ఇంట్లో గోడ మీద రాసుకున్న 105ని చెరిపి, అతనే 98 అని రాసుకున్నాడు. మూడో వారం చివర రెండు పాత పేపర్లు రాసి, ఆ మార్కులతో రేంజిని మళ్లీ వేయడానికి వస్తానన్నాడు.