చుబుకం వెనక్కి ఉన్నట్టుందా? గడ్డాన్ని ఇలా తీర్చుకోండి

మొదట ముఖాన్ని పక్క నుంచి ఒక ఫొటో తీయించుకోండి. సెల్ఫీ పనికిరాదు. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చుబుకం ఇంకా వెనక్కి పడుతుంది. ఎవరైనా ఆరడుగుల దూరంలో నిలబడి, మీ ముఖం ఎత్తులో ఫోన్ పట్టుకుని తీయాలి. ఫొటోలో కింది పెదవి నుంచి నిట్టనిలువుగా ఒక గీత ఊహించుకోండి. చుబుకం ఆ గీతకు ఎంత వెనక ఆగిందో, అంత ఖాళీని వెంట్రుకలతో నింపాలి. కాస్త తేడా ఉంటే గడ్డం ఇట్టే కప్పేస్తుంది. మరీ ఎక్కువగా ఉంటే తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే.

1. పెరగనివ్వండి

గడ్డం నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి ఆరేడు వారాలు చుబుకం దగ్గర ట్రిమ్మర్ పెట్టకండి. ఈలోగా బుగ్గల మీద మాత్రం పొట్టిగా తీయించుకోవచ్చు.

2. మెడ గీత దగ్గర జాగ్రత్త

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. నీట్‌గా ఉంటుందని దవడ ఎముక అంచు దాకా గీసేస్తారు. దాంతో చుబుకం ఎక్కడ ఆగిపోయిందో అందరికీ తెలిసిపోతుంది, దాని కింద మెత్తటి చర్మమూ బయటపడుతుంది. గుటక వేసినప్పుడు గొంతులో కదిలే ముడి ఉంటుంది కదా, దానికి రెండు వేళ్లు పైన ఆగండి. చెవుల వెనక నుంచి అక్కడికి వంపుగా గీత తెచ్చి, కింద ఉన్నదంతా తీసేయండి. సెలూన్‌లో కూర్చోగానే ఈ మాట చెప్పాలి, రేజర్ తగిలాక చెప్పి లాభం లేదు.

3. ముందుకు పొడవు, పక్కలకు పొట్టి

బుగ్గల మీద పలచగా, చుబుకం మీద ఒత్తుగా గడ్డం వచ్చే కుర్రాడి సంగతే తీసుకుందాం. అతను చెవుల దగ్గర 3 మిల్లీమీటర్లు, దవడ వెంట 6, చుబుకం మీద 15 నుంచి 18 ఉంచుకుంటే సరిపోతుంది. కొసను మొనదేలేలా కాకుండా కాస్త చదునుగా కత్తిరించాలి. మొనగా ఉంటే ఎదుటి నుంచి చూసినప్పుడు ముఖం కిందికి సన్నబడిపోతుంది. మీసం పెదవి మీదికి దిగకూడదు. ఒత్తు మీసం పై పెదవిని ముందుకు తెచ్చి, మనం చేసిన పనంతా పాడుచేస్తుంది.

తర్వాత మళ్లీ అదే దూరం నుంచి ఫొటో తీయించి పోల్చుకోండి. గడ్డం ముందుకు కాకుండా కిందికే వేలాడుతుంటే పొడవు ఎక్కువైనట్టు.

4. తల, జుట్టు

ఫోన్ చూస్తూ తల ముందుకు వాలితే గొంతు కింద మడత పడుతుంది. గోడకు వీపు ఆనించి, పైకి చూడకుండా తల వెనక భాగాన్ని గోడకు తాకించండి. ఐదు సెకన్లు ఆగి వదలండి. రోజూ పదిసార్లు చాలు. ఎముక మారదు గానీ తల నిలిపే తీరు మారుతుంది. చూయింగ్ గమ్ నమిలితే దవడ మూల కండరం పెరుగుతుందేమో గానీ చుబుకం ముందుకు రాదు.

నుదుటి మీదికి పొడుచుకొచ్చే పఫ్ మానేయండి. పైన కొద్దిపాటి ఎత్తు, పక్కలకు మామూలు పొట్టి కటింగ్ బాగుంటాయి.

గట్టిగా గురక, పగలంతా నిద్రమత్తు కూడా ఉంటే డాక్టర్‌కు చూపించండి. దవడ వెనక్కి ఉన్నవారిలో నిద్రలో శ్వాస ఆగే సమస్య ఎక్కువ.