డైల్యూటెడ్ ఈపీఎస్‌ను మీరే ఎలా లెక్కించుకోవాలి?

లిస్టెడ్ కంపెనీ ఫలితాల పట్టికలో చివరన రెండు ఈపీఎస్‌లు ఉంటాయి. ఈపీఎస్ అంటే ఒక్కో షేరుకు వచ్చే లాభం. బేసిక్ ఈపీఎస్ ఆ ఏడాదిలో సగటున ఉన్న షేర్ల మీద లెక్కించినది. డైల్యూటెడ్ ఈపీఎస్ లెక్కలో, రేపు షేర్లుగా మారే హక్కు ఉన్న ఉద్యోగుల ఆప్షన్లు, కన్వర్టిబుల్ డిబెంచర్లు అనే అప్పు పత్రాలు కూడా చేరతాయి. షేరు ధర ఈపీఎస్‌కు ఎన్ని రెట్లో చెప్పే పీఈ చూసే చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు. నిజానికి మన షేరుకు వచ్చే లాభం ఎంత తరగవచ్చో సూచించేది రెండోది. మన దేశంలో ఈ లెక్కకు ఇండ్ ఏఎస్ 33 ప్రమాణం. ఒక ఊహాజనిత కంపెనీతో దాన్ని చేసి చూద్దాం.

1. ముందు బేసిక్ తేల్చండి. ఆ ఏడాది నికర లాభం 50 కోట్ల రూపాయలు. ఏప్రిల్ 1న 9 కోట్ల షేర్లున్నాయి, అక్టోబర్ 1న మరో 2 కోట్లు జారీ చేశారు. కొత్తవి ఆరు నెలలే ఉన్నాయి కాబట్టి వాటిని సగమే లెక్కలోకి తీసుకోవాలి: 9 + 1 = 10 కోట్లు. బేసిక్ ఈపీఎస్ 5 రూపాయలు. ప్రిఫరెన్స్ షేర్లుంటే వాటి డివిడెండ్‌ను లాభంలోంచి ముందే తీసేయాలి. తప్పనిసరిగా షేర్లుగా మారే డిబెంచర్లుంటే, ఆ షేర్లు ఒప్పందం కుదిరిన రోజు నుంచే బేసిక్‌లో చేరిపోతాయి. వాటిని మళ్లీ కలపకండి.

2. ఉద్యోగుల ఆప్షన్లు కలపండి. ఉద్యోగుల చేతిలో కోటి ఆప్షన్లున్నాయి. ఒక్కో షేరుకు వాళ్లు కట్టాల్సింది 60 రూపాయలు, ఆ ఏడాది సగటు మార్కెట్ ధర 150. అందరూ కడితే కంపెనీకి 60 కోట్లు వస్తాయి. ఆ డబ్బుతో కంపెనీ మార్కెట్లో 150 చొప్పున 40 లక్షల షేర్లు కొన్నట్టు ప్రమాణం ఊహిస్తుంది. కోటిలోంచి అవి పోగా మిగిలిన 60 లక్షలు ఉచితంగా ఇచ్చినట్టే. 50 కోట్లను 10.6 కోట్లతో భాగిస్తే 4.72 రూపాయలు. ఇంకా ఖర్చుగా రాయని ఆప్షన్ల విలువను కూడా ఆ 60 రూపాయలకు కలపాలని నిబంధన ఉంది. అందువల్ల మీ అంకెకూ కంపెనీ అంకెకూ కొద్దిపాటి తేడా రావచ్చు.

షేరు ధర 300కు పెరిగితే అదే 60 కోట్లకు 20 లక్షల షేర్లే వస్తాయి, ఉచితంగా పోయేవి 80 లక్షలవుతాయి. కొత్తగా ఒక్క ఆప్షన్ ఇవ్వకపోయినా తరుగు పెరిగింది. ధర 60 కన్నా తగ్గితే ఆప్షన్లు లెక్కలోనే కనిపించవు, కానీ ఉద్యోగుల చేతిలో అలాగే ఉంటాయి.

3. కన్వర్టిబుల్ డిబెంచర్లు కలపండి. 100 కోట్ల డిబెంచర్ల మీద వడ్డీ 8 శాతం. కావాలంటే వాటిని 2 కోట్ల షేర్లుగా మార్చుకోవచ్చు. మారితే కంపెనీకి 8 కోట్ల వడ్డీ మిగులుతుంది. 25 శాతం పన్ను పోగా అది 6 కోట్లు. కాబట్టి లాభం 56 కోట్లు, షేర్లు 12.6 కోట్లు, డైల్యూటెడ్ ఈపీఎస్ 4.44 రూపాయలు. పన్ను తీయకుండా 8 కోట్లూ కలిపేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

కలిపే ముందు ఒక పరీక్ష ఉంది. 6 కోట్లను 2 కోట్లతో భాగిస్తే ఒక్కో కొత్త షేరు తెచ్చే ఆదాయం 3 రూపాయలు. ఇది 4.72 కన్నా తక్కువ కాబట్టి కలపాలి. ఆ డిబెంచర్లు కోటి షేర్లుగానే మారేవైతే ఒక్కోటి 6 రూపాయలు తెస్తుంది. అప్పుడు కలిపితే ఈపీఎస్ పెరుగుతుంది కాబట్టి వదిలేయాలి. ఇలాంటివి చాలా ఉంటే, ఎక్కువ తరుగు తెచ్చేదాన్ని ముందు కలుపుతూ రావాలి.

4. అసలు షేర్ల సంఖ్య విడిగా చూడండి. రెండో మెట్టులో ఊహించిన 40 లక్షల షేర్ల కొనుగోలు నిజంగా జరగనవసరం లేదు. అందరూ ఆప్షన్లు వాడుకుంటే కోటి షేర్లూ కొత్తగా పుడతాయి. ఏడాది చివర ఉన్న 11 కోట్లకు ఆ కోటి, డిబెంచర్ల 2 కోట్లు కలిపితే 14 కోట్లు. ఈ రోజు 11 లక్షల షేర్లతో ఒక శాతం వాటా ఉన్నవారికి అప్పుడు మిగిలేది 0.79 శాతం. అందుకే డైల్యూటెడ్ ఈపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

5. రెండు అంకెలూ ఒకటే ఉంటే ఆగి చూడండి. నష్టాల్లో ఉన్న కంపెనీలో ఇది మామూలే. 50 కోట్ల నష్టాన్ని 10 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 5 రూపాయల నష్టం. 10.6 కోట్లకు పంచితే 4.72కు తగ్గి, పరిస్థితి మెరుగైనట్టు కనిపిస్తుంది. అందుకే నిబంధన ఆ ఆప్షన్లను వదిలేయమంటుంది, రెండు చోట్లా మైనస్ 5 అనే రాస్తారు. అప్పుడు వార్షిక నివేదికలో ఈపీఎస్ నోట్ తెరవండి. లెక్కలో చేర్చని ఆప్షన్లు, డిబెంచర్ల వివరాలు అక్కడ ఇవ్వాల్సిందే. కంపెనీ లాభాల్లోకి వచ్చిన ఏడాది, మార్కెట్ ధర అనుకూలంగా ఉన్న ఆప్షన్లు, మూడో మెట్టు పరీక్ష దాటిన డిబెంచర్లు ఒకేసారి లెక్కలోకి దిగుతాయి.