ఉష్ణగతిశాస్త్రం మీ అంతట మీరే – పాఠం 7: ∮ δQ/T నుంచి ఎంట్రోపీ దాకా

పోయిన పాఠం కెల్విన్-ప్లాంక్ సూత్రం దగ్గర ఆగింది. ఒకే ఒక్క రిజర్వాయర్ నుంచి వేడి తీసుకుని, సైకిల్ పూర్తయ్యేసరికి ఆ వేడినంతా పనిగా మార్చే యంత్రం ఉండదు. ఈ పాఠానికి పెట్టుబడి అదొక్కటే. రిజర్వాయర్ అంటే ఎంత వేడి తీసినా, ఎంత పోసినా ఉష్ణోగ్రత కదలనిది. నాగార్జునసాగర్‌లో బిందె ముంచితే మట్టం తగ్గదు కదా, అలాంటిది.

ముందు లెక్క చేద్దాం, రుజువు తర్వాత. బగోనెలో 1 కిలో బాయి నీళ్లు ఉన్నాయి, ఉష్ణోగ్రత 27 °C, అంటే 300 K. వాటిని 327 °C (600 K) దగ్గర నిలిపి ఉంచిన పెనం మీద పెట్టి 87 °C (360 K) దాకా కాచాం. తర్వాత దించి, 27 °C ఉన్న పెద్ద నీళ్ల తొట్టిలో బగోనెను నిలబెట్టి మళ్లీ 27 °Cకి తెచ్చాం. నీళ్లు మొదలైన చోటికే వచ్చాయి కాబట్టి ఇది సైకిల్. నీటి విశిష్టోష్ణం 4.18 kJ/kg·K అనుకుంటే లోపలికి వచ్చిన వేడి 4.18 × 60 = 250.8 kJ, బయటికి పోయిందీ అంతే. వేడి లెక్క సరిసమానం. ఇప్పుడు ప్రతి వేడినీ అది ఏ ఉష్ణోగ్రత దగ్గర చేతులు మారిందో దానితో భాగించండి. పెనం దగ్గర 250.8/600 = +0.418. తొట్టి దగ్గర −250.8/300 = −0.836. కూడితే −0.418 kJ/K.

వేడిలో తేడా లేకపోయినా ఈ మొత్తం సున్నా కాలేదు, మైనస్‌లోకి పోయింది. ఏ సైకిల్ తీసుకున్నా ఇది సున్నా కావచ్చు, మైనస్ కావచ్చు, ప్లస్ మాత్రం కాదు. క్లాసియస్ అసమానత చెప్పేది ఇదే:

∮ δQ/T ≤ 0

ఎందుకో చూద్దాం. మన వ్యవస్థకు వేడిని నేరుగా ఇవ్వకుండా, మధ్యలో ఒక రివర్సిబుల్ ఇంజన్ పెట్టండి. ఆ ఇంజన్ T₀ దగ్గరున్న ఒకే రిజర్వాయర్ నుంచి వేడి తీసుకుని, T దగ్గర మన వ్యవస్థకు δQ అందిస్తుంది. వ్యవస్థ వేడి వదిలే చోట అదే ఇంజన్ ఎదురు నడుస్తుంది. రివర్సిబుల్ ఇంజన్‌లో వేడుల నిష్పత్తి ఉష్ణోగ్రతల నిష్పత్తే కాబట్టి, రిజర్వాయర్ నుంచి వచ్చేది T₀ δQ/T. ఇప్పుడు ఇంజన్‌నూ వ్యవస్థనూ ఒక్క డబ్బాగా చూడండి. సైకిల్ అయ్యేసరికి ఆ డబ్బా ఒకే రిజర్వాయర్ నుంచి T₀ ∮ δQ/T వేడి తీసుకుంది. లోపల ఏమీ మిగలలేదు గనుక అదంతా పనిగా బయటికి రావాలి. ఈ పని ప్లస్ అయితే కెల్విన్-ప్లాంక్ మాట తప్పినట్టే. T₀ ఎప్పుడూ ప్లస్సే. కాబట్టి ∮ δQ/T ప్లస్ కాలేదు. అంతే రుజువు.

సైకిల్ పూర్తిగా రివర్సిబుల్ అయితే దాన్ని తిప్పి నడపొచ్చు. అప్పుడు ప్రతి δQ గుర్తూ మారుతుంది, మొత్తం గుర్తూ మారుతుంది. తిప్పాక కూడా ప్లస్ కాకూడదంటే తిప్పకముందు మైనస్ కాకూడదు. మిగిలింది సున్నా ఒక్కటే.

దీన్ని పరీక్షగా వాడుకోవచ్చు. 600 K దగ్గర 1000 kJ తీసుకుని, 550 kJ పని చేసి, 300 K దగ్గర 450 kJ వదిలే ఇంజన్ ఉందని ఎవరైనా చెప్తే మొదటి నియమం అడ్డు చెప్పదు. కానీ 1000/600 − 450/300 = +0.167. ఆ ఇంజన్ నడవదు. 500 kJ వదిలితే సరిగ్గా సున్నా, అదే హద్దు.

ఇక చదువుకునేవాళ్లు ఎక్కువగా తడబడే చోటికి వద్దాం: ఏ T వేయాలి? బాగా కలియబెట్టిన నీటి ఉష్ణోగ్రతనే T అనుకుని పై బగోనె లెక్క మళ్లీ చేస్తే, కాచేటప్పుడు 4.18 ln(360/300) = +0.762, చల్లార్చేటప్పుడు −0.762, మొత్తం సున్నా. ఇందాక −0.418 వచ్చింది. రెండూ ఒప్పే. T అంటే వేడి హద్దు దాటే చోటి ఉష్ణోగ్రత. హద్దును నీటి అంచునే గీస్తే లోపల వ్యర్థమేమీ లేదు, సున్నా వస్తుంది. పెనం అంచున, తొట్టి అంచున గీస్తే ఆ మధ్యనున్న ఉష్ణోగ్రత తేడాలు కూడా లోపలికి వస్తాయి, మైనస్ వస్తుంది. తప్పెక్కడంటే, ఒకే లెక్కలో ఒక చోట పెనం ఉష్ణోగ్రత, ఇంకో చోట నీటి ఉష్ణోగ్రత కలిపి వాడటం. ఇక సెల్సియస్‌లో భాగిస్తే ఏ అర్థమూ ఉండదు.

ఆ తేడాను తగ్గిస్తూ పోదాం. 600 K పెనం బదులు 360 K రిజర్వాయర్‌తో కాస్తే మొత్తం 0.697 − 0.836 = −0.139. మధ్యలో 330 K రిజర్వాయర్ కూడా పెట్టి, ఎక్కేటప్పుడు 330, 360 దగ్గరా, దిగేటప్పుడు 330, 300 దగ్గరా సగం సగం వేడి మారిస్తే −0.070. మెట్లు రెట్టింపైతే లోటు సగమైంది. మెట్లు లెక్కలేనన్ని అయితే సున్నాకు చేరుతుంది, పైకి ఎక్కే భాగం 0.762 దగ్గర నిలుస్తుంది.

ఆ 0.762 ఏమిటి? 1 అనే స్థితి నుంచి 2 అనే స్థితికి రెండు రివర్సిబుల్ దారులు A, B తీసుకోండి. తిరిగి రావడానికి C అనే ఒకే రివర్సిబుల్ దారి. A వెంట పోయి C వెంట వస్తే మొత్తం సున్నా. B వెంట పోయి C వెంట వచ్చినా సున్నా. అంటే A మీద ∫ δQ/T, B మీద ∫ δQ/T ఒక్కటే. దారి ఏదైనా ఒకే విలువ వస్తోందంటే అది దారి గుణం కాదు, చివరలున్న రెండు స్థితుల తేడా. సాగర్ మట్టం 590 అడుగులని చెప్పాక అది శ్రీశైలం నీళ్లా, వాన నీళ్లా అని మట్టాన్ని అడగం. దీనికి 1865లో క్లాసియస్ పెట్టిన పేరు ఎంట్రోపీ, గుర్తు S. ఇప్పుడు A బదులు రివర్సిబుల్ కాని దారి I పెట్టి C వెంట తిరిగి వస్తే మొత్తం సున్నాకు మించదు కాబట్టి:

∫ δQ/T ≤ S₂ − S₁

మన బగోనెతో సరిచూడండి. 300 నుంచి 360 Kకి పెనం మీద పోతే ∫ δQ/T = 0.418, 360 K రిజర్వాయర్‌తో 0.697, సన్నని మెట్లతో 0.762. ఇక బగోనెకు వేడి అందకుండా చుట్టూ కప్పేసి, కవ్వంతో చిలికి చిలికి 87 °Cకి తెచ్చారనుకోండి. వేడి సున్నా కాబట్టి ∫ δQ/T కూడా సున్నా. నాలుగింట్లోనూ నీటి ఎంట్రోపీ పెరిగింది మాత్రం 0.762 kJ/K. ‘వేడి మారలేదు కాబట్టి ఎంట్రోపీ మారలేదు’ అని పరీక్షలో రాసేవాళ్లు పడేది ఈ నాలుగో కేసులోనే. ఆ మాట రివర్సిబుల్ దారికే చెల్లుతుంది. నిజంగా జరిగిన దారి ఏదైనా, ఎంట్రోపీ మార్పు కట్టడానికి అవే రెండు స్థితుల మధ్య మీరొక రివర్సిబుల్ దారి ఊహించుకుని దాని మీద లెక్కేయాలి.

ఒక లెక్క మీరే చేయండి. మే నెలలో మహబూబ్‌నగర్‌లో గాలి 42 °C, అంటే 315 K. అదే 1 కిలో నీళ్లను 87 °C నుంచి ఆ గాలికి వదిలేస్తే 42 దాకా చల్లారతాయి (ఆవిరి పోకుండా మూత పెట్టండి). పోయిన వేడి 188.1 kJ. గాలి అంచున ∫ δQ/T = −188.1/315 = −0.597. నీటి ఎంట్రోపీ మార్పు 4.18 ln(315/360) = −0.558. ఇక్కడ 0.597 పెద్దది కదా, అసమానత తప్పింది కదా అని తోస్తుంది. గుర్తుతో సహా చూడండి: −0.597 అంటే −0.558 కన్నా తక్కువే. నీటి ఎంట్రోపీ తగ్గడమూ తప్పు కాదు. గాలికి +0.597 చేరింది. రెండూ కలిపితే +0.039 మిగులుతుంది. ఆ మిగులు ఎక్కడ పుట్టిందో పాఠం 8లో వెతుకుదాం.